తెలియని వ్యాపారికి తొలి మెసేజ్

వ్యాపారం చేసే ఎవరి ఫోన్ తెరిచినా ఇలాంటి మెసేజ్ ఒకటి కనిపిస్తుంది. “నమస్తే సర్, మేము వెబ్‌సైట్ డిజైన్, సోషల్ మీడియా, బ్రాండింగ్ సేవలు అందిస్తాం. మీ వ్యాపారాన్ని పది రెట్లు పెంచుతాం. ఉచిత సలహా కోసం వెంటనే కాల్ చేయండి.” దీన్ని గుంటూరులో పచ్చళ్ళ వ్యాపారికి పంపినా, కూకట్‌పల్లిలో పళ్ళ డాక్టరుకు పంపినా ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. అందుకే ఎవరూ జవాబివ్వరు. చదివినవాళ్ళకు తమ వ్యాపారం గురించి అందులో ఒక్క ముక్క కూడా కనిపించదు మరి.

పంపినవాళ్ళలో పని వచ్చినవాళ్ళు లేరని కాదు. కస్టమ్స్, పన్నులు, ప్యాకింగు, వెబ్‌సైట్లు, లెక్కలు, ఇలా ఒక్కో విషయంలో నిజంగా లోతు తెలిసిన కన్సల్టెంట్లు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. వాళ్ళ సాయం అవసరమైన చిన్న వ్యాపారులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఈ ఇద్దరినీ కలపాల్సిన తొలి మెసేజ్ దగ్గరే వ్యవహారం చెడిపోతోంది. ఆ మెసేజ్ ఎలా తయారవ్వాలో ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

గుంటూరులో ఒక పచ్చళ్ళ వ్యాపారం ఉందనుకుందాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అరిసెలు, సున్నుండలు చేసి అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు కొరియర్లో పంపుతారు. సొంత వెబ్‌సైట్ ఉంది. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఆర్డర్లు వస్తుంటాయి. విజయవాడలో ఒకావిడ ఉన్నారు. చిన్న ఎగుమతిదారులకు పార్సిళ్ళ కాగితాలు, కస్టమ్స్ వ్యవహారం చక్కబెట్టడం ఆవిడ పని. ఈ గుంటూరు వ్యాపారితో పనిచేయాలని ఆవిడకు ఉంది, కానీ ఆయనతో ముఖపరిచయం లేదు.

ఆవిడ ముందు చేసేది ఆ సైట్ తెరిచి, డాలస్‌లో ఉన్న ఒక అమ్మాయి ఆర్డరు పెట్టినట్టే మొదటినుంచి డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళడం. అలా వెళ్తే లోపాలు వరసగా కనిపిస్తాయి. ఫొటోలు మసకగా ఉన్నాయి. ఫోన్‌లో పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతోంది. కొరియర్ ఖర్చు ఎంతో చివరి మెట్టు దాకా తెలియడం లేదు. ఆహార పదార్థాలు అమ్మేవాళ్ళకు ఉండాల్సిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు సైట్‌లో ఎక్కడా దొరకలేదు. తరచుగా అడిగే ప్రశ్నల పేజీలో ఆరో ప్రశ్న కింద, 800 డాలర్ల లోపు విలువ ఉన్న పార్సిల్‌కు అమెరికాలో కస్టమ్స్ సుంకం ఉండదని రాసి ఉంది.

కొత్తవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఐదూ వరసగా రాసి పంపేస్తారు. ఎన్ని ఎక్కువ చూపిస్తే అంత పనిమంతులమని అవతలివాళ్ళు అనుకుంటారని వాళ్ళ లెక్క. కానీ ముక్కూమొహం తెలియని మనిషి నుంచి తన వ్యాపారంలో ఐదు తప్పులు చదివిన వ్యాపారికి ముందు కోపం వస్తుంది. తర్వాత ఆ ఐదింటిలో ఒకటి తప్పని తేలితే, మిగతా నాలుగూ దాంతోపాటే కొట్టుకుపోతాయి. కాబట్టి ఒక్కటే ఎంచుకోవాలి. అదేదో ఎంచుకోవడంలోనే కన్సల్టెంట్ తెలివి బయటపడుతుంది.

ఫొటోల సంగతి అభిప్రాయం కిందికి వస్తుంది. పైగా అవి వ్యాపారి కూతురో మేనల్లుడో ఇష్టంగా తీసినవి కావచ్చు. పేజీ ఆలస్యం ఫోన్‌ను బట్టి, నెట్‌ను బట్టి మారుతుంది. ఆయన తన ఆఫీసు వైఫైలో తెరిస్తే గబగబా వచ్చేస్తుంది, అప్పుడు ఆవిడ మాట అబద్ధమవుతుంది. కొరియర్ ఖర్చు చివర్లో చూపించడం వాళ్ళు ఆలోచించి పెట్టుకున్న పద్ధతే కావచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు విషయం పెద్దదే, కానీ నంబరు సైట్‌లో కనబడనంత మాత్రాన లైసెన్సు లేదని కాదు. తొలి మెసేజ్‌లోనే ఆ మాట ఎత్తితే బెదిరిస్తున్నట్టు ఉంటుంది. ఏ అధికారికో ఫిర్యాదు చేస్తానన్న ధ్వని అందులో వద్దన్నా వినిపిస్తుంది.

ఇక మిగిలింది సుంకం గురించిన ఆ వాక్యం. అది రాసిన రోజున అక్షరాలా నిజం, కాబట్టి రాసినవాళ్ళ తప్పేమీ లేదు. ఇప్పుడు నిజం కాదు, అది మారిన తేదీ కూడా అందరికీ తెలిసిందే. వ్యాపారి తన సైట్ తానే తెరిచి ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. ఎవరి పరువూ పోదు. అదే సమయంలో ఆ వాక్యం వెనక డబ్బు ఉంది.

ఆ డబ్బు ఎలా పోతుందో తెలియకపోతే మెసేజ్‌లో బలం రాదు. అమెరికాలో ఒక మనిషికి ఒక రోజులో వచ్చే సరుకు విలువ 800 డాలర్లు దాటకపోతే సుంకం లేకుండా వదిలేసే పద్ధతి ఉండేది. 2016కి ముందు ఆ హద్దు 200 డాలర్లు, ఆ ఏడాది 800కి పెంచారు. చైనా నుంచి వచ్చే సరుకుకు దీన్ని 2025 మే నెలలో తీసేశారు. అదే ఏడాది ఆగస్టు 29 నుంచి మిగతా అన్ని దేశాలకూ ఆపేశారు. మన తపాలా శాఖ ఆ రోజుల్లో అమెరికాకు పార్సిళ్ళ బుకింగు ఆపి, అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది. సుంకాన్ని బుకింగు దగ్గరే కట్టించుకునే ఏర్పాటుతో మొదలుపెట్టింది. ప్రైవేటు కొరియర్లలో రెండు దారులు ఉన్నాయి. పంపేవాళ్ళే సుంకం భరిస్తామని ఒప్పుకుని పంపడం ఒకటి, ఆ రంగంలో దీన్ని డీడీపీ అంటారు. అందుకునేవాళ్ళు కట్టుకుంటారని పంపడం రెండోది, దాన్ని డీఏపీ అంటారు.

చిక్కంతా ఈ రెండో దారిలో ఉంది. డాలస్ అమ్మాయి సైట్‌లో సుంకం లేదని చదివి, రెండు కిలోల ఆవకాయ, ఒక కిలో కందిపొడి, అమ్మ చెప్పిందని సున్నుండలు ఆర్డరు పెట్టింది. పది రోజుల తర్వాత కొరియర్ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది, ఇంత సుంకం, దాని మీద ఇంత మా రుసుము కట్టాలని. అది మోసమేమోనని మొదట భయపడుతుంది. నిజమేనని తెలిశాక గుంటూరుకు ఫోన్ చేస్తుంది. మీ సైట్‌లో లేదని రాశారు కదా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు కొట్టువాళ్ళ దగ్గర జవాబు ఉండదు. ఆవిడ కట్టనంటే పార్సిల్ ఆగిపోతుంది. ఆగిన పార్సిల్ వెనక్కి వచ్చినా, అక్కడే పారేసినా కొరియర్ కంపెనీలు సాధారణంగా ఆ ఖర్చు పంపినవాళ్ళ ఖాతాలోనే వేస్తాయి. సరుకు పోయింది, వెళ్ళిన కొరియర్ డబ్బు పోయింది, పైన బిల్లు వచ్చింది, కొన్న మనిషీ దూరమైంది.

కొరియర్ డబ్బు చిన్నది కాదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. అంతర్జాతీయ కొరియర్లు త్రాసు మీద బరువొక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టె అనుకుందాం. గుణిస్తే 30,000, భాగిస్తే 6 కిలోలు. సీసాలు పగలకుండా చుట్టూ మెత్తటి కాగితం కూరి నాలుగు కిలోల సరుకు పెట్టినా ఆరు కిలోలకు కట్టాలి. అలాంటి ఒక్క పెట్టె తిరిగొస్తే దాని నష్టం పూడ్చడానికి ఎన్ని పెట్టెలు సవ్యంగా చేరాలో వ్యాపారికి మనం చెప్పక్కర్లేదు, ఆయనకే బాగా తెలుసు.

ఇంత తెలిసినా ఆవిడ వెంటనే మెసేజ్ పంపకూడదు. ముందు తను చూసింది నిజమేనని నిర్ధారించుకోవాలి. గూగుల్లో కనిపించిన పాత పేజీ చూసి పొరబడేవాళ్ళు ఉంటారు. అసలు సైట్‌లో ఆ వాక్యం ఎప్పుడో మార్చి ఉండొచ్చు. కాబట్టి సైట్‌కు నేరుగా వెళ్ళి, బ్రౌజరు పాత కాపీ చూపించకుండా ప్రైవేటు విండోలో తెరిచి, కంప్యూటర్లో ఒకసారి, ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఒకసారి చూడాలి. కొన్ని సైట్లు ఏ దేశం నుంచి తెరిస్తే ఆ దేశానికి తగిన పేజీ చూపిస్తాయి. ఇండియా నుంచి చూసింది డాలస్‌లో కనబడకపోవచ్చు. అమెరికాలో ఉన్న చుట్టాన్నో స్నేహితురాలినో అడిగి అక్కడినుంచి అదే పేజీ ఫొటో తీయించుకుంటే సందేహం తీరిపోతుంది. డబ్బు కట్టే పేజీలో సుంకం గురించి వేరే మాటేమైనా ఉందేమో కూడా చూడాలి. అక్కడ సరిగ్గా రాసి ఉంటే సమస్య సగం తగ్గినట్టే, మెసేజ్ కూడా అందుకు తగ్గట్టు మారాలి.

ఇవన్నీ చూసుకున్నాక ఆవిడ వాట్సాప్‌లో ఇలా రాస్తారు:

“నమస్కారమండీ. నేను విజయవాడ నుంచి రాస్తున్నాను. చిన్న ఎగుమతిదారులకు అమెరికా పార్సిళ్ళ కస్టమ్స్ పని చూస్తుంటాను. మీ సైట్‌లో ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ పేజీలో ఆరో ప్రశ్న ఒకసారి చూడండి. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం ఉండదని ఉంది. ఆ మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. ఈ ఉదయం చూసినప్పుడు కూడా ఆ మాట అలాగే ఉంది, ఫొటో కింద పెట్టాను.

సుంకం మీరే ముందు కట్టి పంపుతుంటే ఇబ్బంది లేదు, ఆ సంగతే అక్కడ రాస్తే సరిపోతుంది. కొనేవాళ్ళు కట్టాల్సి వస్తుంటే మాత్రం, ఇది నమ్మి ఆర్డరు పెట్టినవాళ్ళు డెలివరీ రోజున కట్టనని చెప్పే వీలుంది. అలా జరుగుతోందో లేదో బయటినుంచి నాకు తెలియదు.

ఇప్పుడు ఆ సుంకం ఎవరు కడుతున్నారండీ, మీరా, కొనేవాళ్ళా?”

కింద ఆవిడ పేరు, ఫోన్ నంబరు. అంతే.

ఈ మెసేజ్‌లో లింకు లేదు. అది మరిచిపోయి వదిలేసింది కాదు. మీ గూగుల్ లిస్టింగు గడువు ముగుస్తోందనీ, మీ ఖాతా ఆగిపోతుందనీ రోజూ ఎవరో ఒకరు లింకులు పంపుతున్న రోజులివి. తెలియని నంబరు నుంచి వచ్చిన లింకు నొక్కకపోవడమే తెలివైన పని, ఆ వ్యాపారి కూడా నొక్కరు. ఆయన సైట్ పేరు ఆయనకు తెలుసు. ఏ పేజీలో ఎన్నో ప్రశ్నో చెబితే తనే తెరిచి చూసుకుంటారు. చూశాక నమ్మాల్సింది ఆవిడ మాటను కాదు, తన కళ్ళను.

సుంకం శాతం కూడా రాయలేదు. 2025 నుంచి భారత సరుకు మీద అమెరికా సుంకాలు ఒకటికి రెండుసార్లు మారాయి. ఈ రోజు రాసిన అంకె ఆయన చదివే రోజుకు తప్పు కావచ్చు. పైగా ఏ సరుకుకు ఎంతన్నది దాని హెచ్ఎస్ కోడ్‌ను బట్టి ఉంటుంది. ఆవకాయకూ సున్నుండకూ ఒకే కోడ్ కాదు. తేదీ మారదు కాబట్టి తేదీ రాశారు.

మీకు నెలకు ఇంత నష్టం వస్తోందని రాయకపోవడం నాకు అన్నింటికంటే నచ్చిన విషయం. ఆ అంకె ఆవిడ దగ్గర లేదు. నెలకు ఎన్ని పార్సిళ్ళు వెళ్తున్నాయో, ఎన్ని తిరిగొచ్చాయో ఆ కొట్టు పుస్తకాల్లోనే ఉంటుంది. చాలామంది కన్సల్టెంట్లు ఇక్కడ ఒక పెద్ద అంకె ఊహించి రాస్తారు, భయపడి పిలుస్తారని. వ్యాపారికి తన లెక్క తెలుసు కాబట్టి ఆ అంకె అబద్ధమని చదవగానే పట్టేస్తారు. నాకు తెలియదు అన్న మాటకు అక్కడ ఎంతో విలువ ఉంది. దానికి ముందు చెప్పినవన్నీ చూసి చెప్పినవేనని అది రుజువు చేస్తుంది.

చివరి ప్రశ్నలోనే ఆవిడ అనుభవం కనిపిస్తుంది. ఈ పని తెలియనివాళ్ళు ‘మీకు సుంకం వర్తిస్తుంది’ అని చెప్పి ఊరుకుంటారు. తెలిసినవాళ్ళకు అసలు విషయం ఎవరు కడుతున్నారన్నదే. వ్యాపారి ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. ‘మేమే’ అంటే ఒక దారి, ‘వాళ్ళే’ అంటే ఇంకో దారి. ‘అదేంటో మాకు తెలియదు, కొరియర్ వాళ్ళు చూసుకుంటారు’ అని వచ్చినా ఆశ్చర్యం లేదు. చిన్న వ్యాపారాల్లో ఎక్కువగా వినబడే జవాబు ఇదే, ఆవిడ పని మొదలయ్యేదీ ఇక్కడే. సైట్‌లో వాక్యం మార్చడం ఐదు నిమిషాల పని, దానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఒక్కో సరుకుకూ సరైన కోడ్ రాయడం, డబ్బు కట్టే పేజీలోనే సుంకం కలిపి చూపించడం, కొరియర్‌తో ఒప్పందం డీడీపీకి మార్చుకోవడం, ఆహార సరుకు పంపేముందు అమెరికా ఎఫ్‌డీఏకి ఇవ్వాల్సిన ముందస్తు సమాచారం ప్రతి పార్సిల్‌కూ వెళ్తోందో లేదో చూడడం, ఇవీ నిజమైన పనులు. వీటిలో ఒక్కటి కూడా తొలి మెసేజ్‌లోకి రాకూడదు. ఎఫ్‌డీఏ సమాచారం వెళ్తోందో లేదో బయటినుంచి ఎవరికీ కనబడదు. కనబడనిదాని గురించి మాట్లాడితే అది నిందే అవుతుంది.

వచ్చే జవాబుల్లో ఒక్కటి ఇబ్బంది పెట్టేది ఉంది. పార్సిల్ మీద గిఫ్ట్ అని రాసేస్తే సరిపోతుంది కదా అని అడిగే వ్యాపారులు ఉన్నారు. మనుషులు ఒకరికొకరు పంపుకునే 100 డాలర్ల లోపు నిజమైన కానుకలకు సుంకం మినహాయింపు వేరే ఉంది. డబ్బు తీసుకుని అమ్మిన పచ్చడి కానుక కాదు, అలా రాయడం తప్పుడు ప్రకటన. ఈ మాట వచ్చినప్పుడు పని పోతుందేమోనని కన్సల్టెంట్ తల ఊపకూడదు. వద్దండీ అని మర్యాదగా, సూటిగా చెప్పాలి. ఆ ఒక్క మాటతో కొంతమంది దూరమవుతారు. ఉండిపోయినవాళ్ళు ఏళ్ళతరబడి ఉంటారు.

ఎంత తీసుకుంటారని మొదటి జవాబులోనే అడిగితే దాటవేయకూడదు. కలిసి మాట్లాడుకుందాం అని నానిస్తే, అంతవరకూ కట్టుకున్న నమ్మకం సడలిపోతుంది. ఫలానా పనికి ఇంత అని చెప్పాలి, లేదా ఎన్ని రకాల సరుకు పంపుతారో తెలిస్తే సాయంత్రానికి చెబుతానని చెప్పి సాయంత్రానికే చెప్పాలి.

మెసేజ్ ఎప్పుడు పంపాలన్నదీ చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పచ్చళ్ళవాళ్ళకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. కాయ కొనడం, ముక్కలు కొట్టించడం, కారం ఆడించడం, ఏడాదికి సరిపడా ఆవకాయ కలపడం అన్నీ అప్పుడే. ఆ రోజుల్లో ఎంత మంచి మెసేజ్ పంపినా అడుగున పడిపోతుంది. దసరాకు నెలా నెలన్నర ముందు, అమెరికా ఆర్డర్లు పెరగబోయే సమయంలో అదే మెసేజ్‌ను ఆయన ఆగి చదువుతారు.

దీన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ళ ఆవకాయ ఫొటో కింద నలుగురూ చూసేలా మాత్రం రాయకూడదు. అది సలహా కాదు, అవమానం. వాట్సాప్ నంబరు కస్టమర్ల కోసం పెట్టినదైతే అది చూసేది కొట్టులో పనిచేసే అబ్బాయి కావచ్చు. అప్పుడు ‘ఇది యజమాని గారికి చూపించండి’ అన్న ఒక్క మాట మొదట చేర్చాలి.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి రెండు లైన్లలో గుర్తుచేయొచ్చు, అదీ ముందు సైట్ తెరిచి చూశాకే. ఆ వాక్యం ఇంకా అలాగే ఉంటే ఉందని రాయండి. మార్చి ఉంటే, మార్చడం చూశాను, సంతోషమండీ అని రాసి వదిలేయండి. మెసేజ్ చదివి, తప్పు దిద్దుకుని, జవాబివ్వని వ్యాపారులు చాలామంది ఉంటారు. వాళ్ళ మీద కినుక పెట్టుకోకూడదు. మొదటి మెసేజ్‌తో ఇచ్చిన సాయానికి ధర లేదని ముందే అనుకుని పంపినవాళ్ళే ఇలాంటి మెసేజ్ రాయగలుగుతారు.

వ్యాపారులకూ ఒక మనవి. మీ వ్యాపారంలో ఫలానా చోట ఫలానా లోపం ఉందని, మీ అంతట మీరే చూసుకోగలిగేలా ఎవరైనా రాస్తే, పని ఇవ్వకపోయినా ఫర్వాలేదు, వెళ్ళి ఆ పేజీ తెరిచి చూడండి. నిజమని తేలితే ఒక్క లైనులో జవాబు రాయండి.